పోయిన వారం ఆ పని ఎవరు చేశారు?

కర్నూలు, నంద్యాల జిల్లాల సరిహద్దులో గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చినప్పటి నుంచి, ఎలక్ట్రికల్ చదివిన మా ప్రాంతం పిల్లలకు బెంగళూరు, హైదరాబాదు వెళ్లకుండానే ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ మొదలైంది. నేను వెళ్లిన ఇంటర్వ్యూ ఆ పార్కులోది కాదు. అది జిల్లాలోనే విడిగా ఉన్న 50 మెగావాట్ల ప్లాంటును నడిపే సంస్థది, దాని పేరు ఇక్కడ అవసరం లేదు. అనంతపురంలో ఇళ్ల మీదా, గోదాముల మీదా సోలార్ ప్యానెళ్లు బిగించే ఒక చిన్న సంస్థలో నాలుగేళ్లు పనిచేసి, పెళ్లయ్యాక కర్నూలుకు వచ్చిన నాకు ఆ ప్రకటన సరిగ్గా నా కోసమే వేసినట్టు కనిపించింది.

మొదట పంపిన జాబ్ డిస్క్రిప్షన్, అంటే జేడీ, ఒకటిన్నర పేజీ ఉంది. పోస్టు పేరు పర్ఫార్మెన్స్ ఇంజినీర్, పనిచేసే చోటు కర్నూలు ఆఫీసు, జనరల్ షిఫ్టు. ప్లాంటును దూరం నుంచి గమనించే స్కాడా అనే కంప్యూటరు వ్యవస్థలోకి వచ్చే అంకెలను రోజూ చూడటం, ఏ ఇన్వర్టర్ కింద ఏ స్ట్రింగు, అంటే వరుసగా కలిపిన ఏ ప్యానెళ్ల గొలుసు, తక్కువ ఇస్తోందో పట్టుకోవడం, నెలాఖరుకు నివేదిక తయారుచేయడం, నెలకు రెండుసార్లు ప్లాంటుకు వెళ్లి రావడం అందులో ఉన్న పనులు. మొదటి రౌండు హెచ్.ఆర్. ఫోనులో జరిగింది. రెండో రౌండులో ఒక సీనియర్ ఇంజినీరు గంటసేపు అంకెల మీదే ప్రశ్నలు అడిగారు. సాయంత్రం మబ్బు పట్టినప్పుడు ఉత్పత్తి తగ్గడానికీ, ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుని తగ్గడానికీ తేడా డేటాలో ఎలా కనిపిస్తుందని కూడా అడిగారు. ఆ రౌండు నాకు బాగా సాగింది.

తొమ్మిది రోజుల తరువాత మూడో రౌండుకు పిలుపు వచ్చింది. ఆ మెయిలుకు ఒక పీడీఎఫ్ జోడించి, "అప్‌డేటెడ్ జేడీ జతచేశాము, చూసుకోగలరు" అని ఒక్క వాక్యం రాశారు. ఫోనులో పైపైన చూసినప్పుడు పాతదే మళ్లీ పంపారనుకున్నాను. ఎందుకో మనసు ఒప్పక, రాజ్‌విహార్ దగ్గరి జిరాక్స్ అంగడిలో రెండింటినీ ప్రింటు తీయించి, పక్కపక్కన పెట్టుకుని పెన్నుతో ఒక్కొక్క వాక్యాన్నీ సరిపోల్చుకుంటూ వచ్చాను. మార్పు కంటపడింది అప్పుడే. పోస్టు పేరు "ఇంజినీర్, ఓ అండ్ ఎం", అంటే ప్లాంటు నడపడమూ నిర్వహణా చూసే ఇంజినీర్, అయింది. స్కాడా పనులన్నీ కుంచించుకుపోయి చివర ఒక వాక్యంగా మిగిలాయి. వాటి స్థానంలో ప్యానెళ్లు కడిగే కాంట్రాక్టు కూలీల పర్యవేక్షణ, గడ్డి కోయించడం, విడిభాగాల స్టోరు బాధ్యత, చుట్టుపక్కల గ్రామాలవారితో సంప్రదింపులు, ఎలక్ట్రికల్ సేఫ్టీ బాధ్యత, అవసరమైతే రాత్రివేళ హాజరు కావడం వచ్చి చేరాయి. పనిచేసే చోటు "ప్లాంటు, లేదా సంస్థ నిర్ణయించిన ప్రదేశం" అని ఉంది. జీతం దగ్గర మాత్రం ఒక్క అక్షరం కూడా మారలేదు.

వెంటనే హెచ్.ఆర్.కు ఫోను చేయడం నేను చేసిన మొదటి పొరపాటు. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కానీ "అది స్టాండర్డ్ ఫార్మాట్ మేడమ్, అందరికీ అదే పంపుతాం" అన్న మాట దాటి ముందుకు రాలేదు. ఆమె దాచిందని నేను అనుకోవడం లేదు. ప్లాంటులో ఎవరు ఏ పని చేస్తారో ఆమెకు తెలియదు, పై నుంచి వచ్చిన ఫైలును నాకు పంపింది, అంతే. అనుమానం ఉంటే మూడో రౌండులోనే అడగమని సలహా కూడా ఇచ్చింది. ఆ సలహా నాకు నచ్చలేదు. మూడో రౌండులో ముగ్గురు కూర్చుంటారు, అందులో ఒకరు హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి వస్తారు. అలాంటి చోట ఏ మేనేజరైనా తన విభాగంలో మనుషులు చాలడం లేదని బయటి మనిషి ముందు ఒప్పుకుంటాడా? ఆ ప్రశ్న అంతకుముందే, ఆ విభాగం మేనేజరు ఒక్కరినే అడగవలసినది.

ఆ రాత్రి మేనేజరుకు మెయిలు రాయడానికి కూర్చున్నాను. మొదటి ప్రతిలో పద్నాలుగు ప్రశ్నలు తేలాయి, అన్నీ "ఎందుకు మార్చారు", "ముందే ఎందుకు చెప్పలేదు" అన్న ధోరణిలోనే ఉన్నాయి. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా హెచ్.ఆర్. పని చూస్తున్న మా పెదనాన్న కొడుకుకు దాన్ని పంపించాను. ఆయన చదివి ఫోను చేశాడు.

"చెల్లెమ్మా, ఇది చదివితే నువ్వు పంచాయితీకి పిలిచినట్టుంది. ఎందుకు మార్చారని అడిగితే ఆయన తనను వెనకేసుకొస్తాడు. ఇప్పుడు ఏది ఖాయమో అది అడుగు. మూడు ప్రశ్నలకు మించొద్దు."

ఆయన మాట ప్రకారం మెయిలును మళ్లీ రాశాను. రెండు జేడీలలో తేడా ఉన్న నాలుగు అంశాలను, అంటే పోస్టు పేరు, పనిచేసే చోటు, ప్రధానమైన పని, ఎవరి కింద పనిచేయాలన్నది, పాతది ఒకవైపు కొత్తది ఒకవైపు ఉండేలా చిన్న పట్టికలో పెట్టాను. వ్యాఖ్య ఏమీ చేయలేదు. మూడో రౌండుకు సరిగ్గా సిద్ధం కావడానికి, వీటిలో ఏది ప్రస్తుత పరిస్థితో తెలుసుకోవడానికి ఇరవై నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వగలరా అని అడిగాను. హెచ్.ఆర్.ను కూడా ఆ మెయిలులో ఉంచాను, ఎందుకంటే ఆమెను దాటవేసి వెళ్లానన్న మాట తరువాత రాకూడదు. మరునాడు మధ్యాహ్నానికి మేనేజరు నుంచే జవాబు వచ్చింది: సాయంత్రం ఆరున్నరకు ఫోను చేయమని.

ఆయన కడప వైపు మనిషి. పలకరింపు అయ్యాక నేను మొదటి ప్రశ్న వేశాను: రెండు జేడీల మధ్య కాలంలో విభాగంలో ఏమైనా మార్పు వచ్చిందా అని. ఎవరు మార్చారని అడగకుండా, ఏం జరిగిందని అడగడం ఆయనకు తేలికైందనుకుంటాను.

"దాచేదేముందమ్మా, సైట్ ఇంజినీరు పోయిన నెల మానేసి వెళ్లిపోయినాడు. ఆ పోస్టు భర్తీకి పై నుంచి అనుమతి రాలేదు. నీ పోస్టుకు అనుమతి ముందే ఉండింది. అందుకని రెండు కలిపి పంపినాను" అన్నారు.

ఇంత సూటిగా చెబుతారని నేను అనుకోలేదు. జేడీ మారడం వెనుక మోసం ఉందని రెండు రోజులుగా మనసులో మథనపడుతున్నాను. తీరా చూస్తే అది మనుషుల కొరత. అయితే కారణం న్యాయమైనదైనంత మాత్రాన పని తగ్గదు కదా, అందుకే రెండో ప్రశ్నకు వెళ్లాను. వారానికి ఆరు రోజులలో ఎన్ని రోజులు ప్లాంటులో ఉండాలి, ఎన్ని రోజులు డేటా పని ఉంటుంది అని అడిగాను. "అది అవసరాన్ని బట్టి ఉంటుందమ్మా, సర్దుకోవచ్చు" అన్నారు. ఇంటర్వ్యూలలో మనకు సాధారణంగా దొరికే జవాబు ఇదే, దీనితో ఆగిపోతే తెలిసేది ఏమీ ఉండదు. నేను ముందుగా రాసిపెట్టుకున్న ప్రశ్న ఒకటి ఉంది.

"సార్, సైట్ ఇంజినీరు లేరు కదా, మరి పోయిన వారం ఆ పని ఎవరు చేశారు? ఏ రోజు ఎంతసేపు పట్టింది?"

ఆయన నవ్వి, "నేనే చేసినా" అన్నారు. తరువాత ఆయనే రోజువారీగా చెప్పుకుంటూ పోయారు. సోమవారం కడిగే కాంట్రాక్టరు పద్నాలుగు మందిని పంపవలసిన చోట ఆరుగురినే పంపాడు, మిగతావాళ్లను తెప్పించడంలోనే పూట గడిచిపోయింది. మంగళవారం ఒక ఇన్వర్టరు ఎర్త్ ఫాల్టుతో ఆగిపోతే, ఏ స్ట్రింగులో తేడా ఉందో వెతికేసరికి సాయంత్రమైంది. బుధవారం ఎవరో కంచె కోసి గొర్రెలను లోపలికి తోలారు, ఊరి పెద్దలతో కూర్చుని మాట్లాడవలసి వచ్చింది. గురువారం ఆడిట్ కోసం స్టోరులో కేబులూ, ఫ్యూజులూ లెక్కపెట్టారు. శుక్ర, శనివారాలు మాత్రమే ఆఫీసులో కూర్చున్నారు.

"అంటే డేటా చూడటానికి మిగిలింది రెండు రోజులే కదా సార్" అన్నాను. కాసేపు ఆయన నుంచి మాట రాలేదు. "అంతేనమ్మా. ఇప్పుడు నువ్వు అడుగుతుంటే నాకూ తెలిసొస్తాంది" అన్నారు.

రాబోయే కాలం గురించి అడిగితే ఎవరైనా ఆశించినది చెబుతారు. గడిచిన వారం గురించి అడిగితే జరిగినది చెప్పక తప్పదు. పైగా ఆయన తప్పును నేను ఎత్తిచూపినట్టు కాకుండా, ఇద్దరం కలిసి లెక్క వేసినట్టయింది. తరువాతి సంభాషణ అంతా ఆ వారం లెక్క మీదే నడిచింది. స్టోరు బాధ్యత గురించి అడిగినప్పుడు, రాగి కేబులు దొంగతనాలు జరిగే ప్లాంటులో స్టోరు లెక్కకు సంతకం చేసేవారు ఎవరన్నది చిన్న సంగతి కాదని ఆయనే అన్నారు. సేఫ్టీ బాధ్యత అన్న వాక్యం గురించి నేను ప్రత్యేకంగా అడిగాను. విద్యుత్ ఉత్పత్తి సంస్థలు ఎలక్ట్రికల్ సేఫ్టీ ఆఫీసరును నియమించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతాయి, ఆ నియామకానికి నిర్ణీత అర్హతా అనుభవమూ ఉండాలి. కొత్త జేడీలోని వాక్యం ఆ హోదా గురించా, లేక పని మొదలుపెట్టే ముందు ఇచ్చే పర్మిట్ల రోజువారీ పర్యవేక్షణ గురించా అన్నది నాకు తెలియాలి. పాత సైట్ ఇంజినీరు కాగితం నుంచి ఆ వాక్యం అలాగే వచ్చేసిందని, తీసేయిస్తానని చెప్పారు.

రాత్రి పనుల విషయంలో మాత్రం ఆయన దిగిరాలేదు, ఆయన చెప్పింది నిజమే కూడా. ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ విద్యుత్తును పూర్తిగా ఆపడం సాధ్యం కాదు, పైగా పగటిపూట ప్లాంటును ఆపితే ఉత్పత్తి పోతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పెద్ద పనులు సూర్యాస్తమయం తరువాతే పెట్టుకుంటారు. ముందే అనుకున్న పనికి రెండు రోజుల ముందు చెబుతామని, రాత్రి రాకపోకలకు సంస్థ వాహనం ఇస్తామని ఒప్పుకున్నారు. నాకు అది సరిపోయింది.

మూడో ప్రశ్న జీతంలోని వేరియబుల్ భాగం గురించి. మొత్తం 6 లక్షల 60 వేలలో పది శాతం, అంటే 66 వేలు, సాధించిన ఫలితాన్ని బట్టి ఇస్తారు. పాత జేడీలో ఆ ఫలితాన్ని పీఆర్‌తో, అంటే పర్ఫార్మెన్స్ రేషియోతో కొలుస్తామని ఉంది, కొత్తదానిలో "ఉత్పత్తి లక్ష్యం" అని ఉంది. బయటివారికి రెండూ ఒకటే అనిపించవచ్చు, కానీ తేడా పెద్దది. ఒక రోజు చదరపు మీటరుకు 6 యూనిట్ల ఎండ పడిందనుకుంటే, 50 మెగావాట్ల ప్యానెళ్లు ఎక్కడా నష్టం లేకుండా పనిచేస్తే 3 లక్షల యూనిట్లు రావాలి. నిజంగా వచ్చినవి 2 లక్షల 34 వేలైతే పీఆర్ 78 శాతం. మరునాడు మబ్బు పట్టి ఎండ సగమే పడితే యూనిట్లూ దాదాపు సగమవుతాయి, పీఆర్ మాత్రం అంతగా మారదు, ఎందుకంటే అది పడిన ఎండకూ వచ్చిన యూనిట్లకూ ఉన్న నిష్పత్తి. పీఆర్ పడిపోతే దుమ్మో, చెడిపోయిన స్ట్రింగో కారణమై ఉండవచ్చు, దాన్ని నేను పట్టుకోగలను. ఉత్పత్తి పడిపోతే వానాకాలమో, గ్రిడ్డు ఆగిపోవడమో కూడా కారణం కావచ్చు, దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇదంతా విని ఆయన, "నువ్వు చెప్పింది సబబే. కానీ అది సంస్థ మొత్తానికి పెట్టిన పాలసీ, నా చేతుల్లో లేదు" అన్నారు.

అలా ఉన్నదున్నట్టు చెప్పడమే నాకు మేలు చేసింది. ఆ 66 వేలను లెక్కలోంచి పూర్తిగా తీసేసి, మిగిలిన 5 లక్షల 94 వేలను నా పాత 4 లక్షల 50 వేల జీతంతో పోల్చుకున్నాను. ఆ లెక్కన కూడా ఉద్యోగం నాకు లాభమే.

ఫోను పెట్టేసిన గంటలోపే మెయిలు రాశాను. "ఈరోజు మాటల్లో నాకు అర్థమైన విషయాలు ఇవి, పొరపాటు ఉంటే సరిచేయగలరు" అని మొదలుపెట్టి, వారంలో మూడు రోజులు ప్లాంటు, మూడు రోజులు కర్నూలు ఆఫీసులో డేటా పని, స్టోరు సంతకం నాది కాదు, సేఫ్టీ ఆఫీసరు హోదా లేదు, రాత్రి పనికి వాహనం, అని ఐదారు వాక్యాలు పెట్టాను. జవాబు రెండు రోజుల తరువాత వచ్చింది. "మూడు రోజులు" అన్నది "సాధారణంగా మూడు రోజులు" అయింది. చివర ఆయనే ఒక వాక్యం చేర్చారు: సైట్ ఇంజినీరు చేరేదాకా ప్లాంటు పని పెరగవచ్చు అని. మొదటి మార్పును నేను పట్టించుకోలేదు, ఎందుకంటే ప్లాంటులో ఏ వారమూ గడియారం పెట్టి నడవదు. రెండోది మాత్రం నాకు గుచ్చుకుంది. ఆ పోస్టుకు అనుమతే రాలేదు, ఆ మనిషి ఎప్పటికీ చేరకపోవచ్చు. "చేరేదాకా" అన్న మాటకు గడువు లేకపోతే జేడీ మారిన కథ మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని, ఆ ఏర్పాటును చేరిన తేదీ నుంచి ఆరు నెలలకు పరిమితం చేసి, అప్పటికీ సైట్ ఇంజినీరు రాకపోతే నా పనినీ జీతాన్నీ మళ్లీ సమీక్షిద్దామా అని అడిగాను. "ఓకే" అని ఒక్క మాట జవాబు వచ్చింది.

మూడో రౌండు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముగ్గురిలో మేనేజరుకు నా గురించి ముందే తెలిసి ఉండటం వల్ల అది సగం పరిచయంలాగే సాగింది.

అసలు పని ఆఫర్ లెటర్ వచ్చాక మొదలైంది. అందులో పోస్టు పేరు, జీతం, ఆరు నెలల ప్రొబేషను, ఆ తరువాత 90 రోజుల నోటీసు ఉన్నాయి. "సంస్థ ఎప్పటికప్పుడు అప్పగించే ఇతర పనులు" అన్న వాక్యం కూడా ఉంది. అది దాదాపు ప్రతి ఆఫర్ లెటర్‌లోనూ ఉండేదే. నన్ను ఆపినది చివరి పేజీలోని మరో వాక్యం: ఈ లేఖే ఇరుపక్షాల మధ్య పూర్తి ఒప్పందమని, దీనికి ముందు జరిగిన మాటలూ, ఉత్తరప్రత్యుత్తరాలూ దీనితో రద్దవుతాయని. అంటే మేనేజరుతో నేను జాగ్రత్తగా రాయించుకున్న మెయిళ్లన్నీ, సంతకం పెట్టిన క్షణాన చెల్లకుండా పోతాయి. మా అన్నకు చదివి వినిపిస్తే, "అందుకే ఆ మాటలు లెటర్ లోపలికి రావాలమ్మా, బయట ఉంటే లాభం లేదు" అన్నాడు.

హెచ్.ఆర్.ను అడిగితే, లెటర్‌కు అనెక్జర్ జతచేయడం తమ విధానంలో లేదని చెప్పింది. వాదించకుండా, మేనేజరు "ఓకే" అని రాసిన మెయిలునే ఆమెకు పంపి, ఇందులోని ఆరు వాక్యాలు అనెక్జర్‌గా వస్తే సంతకం చేసి అదే రోజు పంపుతానని రాశాను. నాలుగు రోజులు ఎటువంటి కబురూ లేదు. ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర సరిగా పట్టలేదని ఒప్పుకోవాలి. పట్టుదలకు పోయి చేతికొచ్చిన ఉద్యోగాన్ని పోగొట్టుకుంటున్నానేమోనని మా అత్తగారు కూడా అన్నారు. ఐదో రోజు కొత్త లెటర్ వచ్చింది, చివర ఒక పేజీ అనెక్జర్‌తో. "ఆరు నెలలు" అన్నది "సుమారు ఆరు నెలలు" అయింది. మిగతా వాక్యాలు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. ఆ "సుమారు"ను అలాగే వదిలేసి సంతకం పెట్టాను.

చేరిన రోజు ఉదయం ప్లాంటులో స్టోర్‌కీపరు ఒక తాళాల గుత్తి, కేబులు లెక్కల రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "కొత్త మేడమ్ వస్తారు, సంతకం తీసుకోమన్నారు" అన్నాడు. ఎవరన్నారని అడిగితే, మేనేజరుతో మాట్లాడకముందు వచ్చిన ఆ రెండో జేడీ ప్రకారం తయారైన కాగితం ఒకటి చూపించాడు. నేను మేనేజరుకు ఫోను చేసి అనెక్జర్‌లోని నాలుగో వాక్యం చదివి వినిపించాను.

"ఆ తాళాలు నా దగ్గరికే పంపమ్మా" అన్నారు ఆయన.